చతురస్ర కేంద్రం వద్ద ఫలిత విద్యుత్ క్షేత్రం: నాలుగు ఆవేశాలూ వేర్వేరుగా ఉన్నప్పుడు లెక్క ఎలా చేయాలి

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఈ లెక్క గురించి ప్రతి ఏడాదీ అడుగుతూనే ఉంటారు. చతురస్రం నాలుగు శీర్షాల వద్దా ఒకే ఆవేశం ఉంటే కేంద్రం వద్ద క్షేత్రం సున్నా అని అందరూ చెప్పగలరు. అవే శీర్షాల వద్ద వేర్వేరు విలువలున్న ఆవేశాలను, అందులో ఒకటి రుణావేశాన్ని ఉంచితే మాత్రం చేతులు ఆగిపోతాయి. ఏ బాణం ఎటు గీయాలి, రుణ గుర్తును ఎక్కడ వేయాలి, 45 డిగ్రీల కోణాన్ని ఏ అక్షం నుంచి కొలవాలి అనే మూడు సందేహాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటికి జవాబుగా ఒకే లెక్కను మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ చేసి చూపిస్తున్నాను.

మనం చేయబోయే లెక్క ఇది. 20 సెంటీమీటర్ల భుజం గల చతురస్రం ABCD గాలిలో ఉంది. A వద్ద +4 నానోకులూంబ్‌లు, B వద్ద −2 నానోకులూంబ్‌లు, C వద్ద +1 నానోకులూంబ్, D వద్ద +3 నానోకులూంబ్‌ల బిందు ఆవేశాలు ఉన్నాయి. చతురస్ర కేంద్రం O వద్ద ఫలిత విద్యుత్ క్షేత్ర పరిమాణాన్నీ, దిశనూ కనుక్కోవాలి.

## ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

ఒక తెల్ల కాగితం, పెన్సిల్, స్కేలు, కాలిక్యులేటర్ ఉంటే చాలు. పరీక్ష హాల్లో కాలిక్యులేటర్‌ను అనుమతించకపోయినా ఇబ్బంది లేదు, √2 విలువ 1.414 అని గుర్తుంటే సరిపోతుంది. కాలిక్యులేటర్ వాడేటట్లయితే అది డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. cos 45 కొడితే 0.707 రావాలి. 0.525 వచ్చిందంటే అది రేడియన్లలో ఉందని అర్థం.

సూత్రం ఒక్కటే:

E = k|q| / r²

ఇందులో k విలువను 9 × 10⁹ N·m²/C² గా తీసుకుంటాం. q చుట్టూ ఉన్న నిలువు గీతలను గమనించండి. పరిమాణం లెక్క కట్టేటప్పుడు ఆవేశం గుర్తును వదిలేస్తున్నామని అవి చెబుతున్నాయి. ఈ పద్ధతి మొత్తం ఆ గీతల మీదే ఆధారపడి ఉంది: గుర్తు బాణం దిశను నిర్ణయిస్తుంది, సంఖ్య బాణం పొడవును నిర్ణయిస్తుంది, ఈ రెండు పనులనూ ఒకేసారి చేయకూడదు.

## లెక్క చేసే క్రమం

1. పటం గీసి, శీర్షాలకు పేర్లు పెట్టి, అక్షాలను స్థిరపరచండి.

చతురస్రాన్ని కనీసం అరచేయంత పెద్దదిగా గీయండి, ఎందుకంటే మధ్యలో నాలుగు బాణాలు పట్టాలి. కింద ఎడమ మూలను A గా, కింద కుడి మూలను B గా, పైన కుడి మూలను C గా, పైన ఎడమ మూలను D గా తీసుకుందాం. అంటే పేర్లు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో వరుసగా సాగుతాయి. ABCD అనే చతురస్రంలో A కి ఎదురుగా C, B కి ఎదురుగా D ఉండి తీరాలి. తొందరలో A, B లను పైన, C, D లను కింద అదే ఎడమ–కుడి వరుసలో రాసేసేవారు చాలామంది ఉంటారు. అప్పుడు A కి ఎదురుగా D వచ్చి, తర్వాతి లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా జవాబు తప్పుతుంది.

కేంద్రం O ను మూలబిందువుగా తీసుకుని, AB భుజానికి సమాంతరంగా కుడివైపు x అక్షాన్నీ, AD భుజానికి సమాంతరంగా పైవైపు y అక్షాన్నీ గీయండి. ప్రతి శీర్షం పక్కనా దాని ఆవేశాన్ని గుర్తుతో సహా రాయండి.

2. శీర్షం నుంచి కేంద్రానికి ఉన్న దూరాన్ని కనుక్కోండి.

ఈ దూరం భుజం కాదు, పూర్తి కర్ణమూ కాదు, కర్ణంలో సగం. భుజం a అయితే కర్ణం a√2, అందులో సగం a/√2. నిజానికి మనకు కావలసింది r కాదు, r². కాబట్టి వర్గమూలం జోలికి పోకుండా నేరుగా ఇలా రాసుకోవచ్చు:

r² = a²/2 = (0.20)²/2 = 0.02 m²

భుజాన్ని ముందు మీటర్లలోకి మార్చి, ఆ తర్వాతే వర్గం చేయండి. సెంటీమీటర్లలో వర్గం చేస్తే 200 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని 100 తో భాగించి 2 అని రాసేవారు ఉంటారు. చదరపు సెంటీమీటర్లను చదరపు మీటర్లలోకి మార్చాలంటే 10,000 తో భాగించాలి. ఆ చిక్కు రాకుండా ఉండాలంటే మీటర్లతోనే మొదలుపెట్టడం మేలు.

3. ఒక నానోకులూంబ్‌కు ఎంత క్షేత్రం వస్తుందో ఒకసారే లెక్క కట్టండి.

నాలుగు శీర్షాలూ కేంద్రం నుంచి సమాన దూరంలోనే ఉన్నాయి కనుక k/r² ను నాలుగుసార్లు లెక్కించడం వృథా శ్రమ.

(9 × 10⁹ × 1 × 10⁻⁹) / 0.02 = 450 N/C

ఇక ఒక్కో ఆవేశాన్నీ 450 తో గుణిస్తే చాలు. గుర్తులు వదిలేసి రాస్తే A వల్ల 1800, B వల్ల 900, C వల్ల 450, D వల్ల 1350 N/C వస్తాయి. B కి −900 అని రాయాలని చెయ్యి లాగుతుంది, కానీ రాయకండి. ఆ రుణ గుర్తును తర్వాతి మెట్టులో బాణం రూపంలో వాడతాం.

4. కేంద్రం వద్ద నాలుగు బాణాలూ గీయండి.

O వద్ద ఒక చిన్న ధనావేశాన్ని ఉంచామని ఊహించండి. శీర్షం వద్ద ధనావేశం ఉంటే అది ఈ చిన్న ఆవేశాన్ని తన నుంచి దూరంగా నెడుతుంది, రుణావేశం ఉంటే తనవైపు లాక్కుంటుంది. అది కదలబోయే దిశే బాణం దిశ. బాణాలన్నీ O నుంచే మొదలు కావాలి, శీర్షం నుంచి కాదు.

A వద్ద ధనావేశం ఉంది. అది నెట్టితే O వద్ద ఉన్న ఆవేశం A కి ఎదురుగా ఉన్న C వైపు పోతుంది, కాబట్టి మొదటి బాణం C వైపు, అంటే కుడికీ పైకీ ఉంటుంది. B వద్ద రుణావేశం ఉంది, అది తనవైపు లాగుతుంది కనుక రెండో బాణం B వైపు, కుడికీ కిందికీ ఉంటుంది. C వద్ద ఉన్న ధనావేశం A వైపు నెడుతుంది, అంటే మూడో బాణం ఎడమకూ కిందికీ. D వద్ద ఉన్న ధనావేశం B వైపు నెడుతుంది, కాబట్టి నాలుగో బాణం కూడా కుడికీ కిందికే.

B, D ల బాణాలు రెండూ ఒకే వైపు వచ్చాయేమిటని కంగారు పడకండి. ఎదురెదురు మూలల్లో వ్యతిరేక గుర్తులున్న ఆవేశాలుంటే వాటి బాణాలు ఎప్పుడూ ఒకే దిశలో ఉంటాయి. ఒకే గుర్తున్న ఆవేశాలైతే ఎదురెదురుగా ఉంటాయి. ఈ ఒక్క విషయంతో మీ పటాన్ని ఇక్కడే సరిచూసుకోవచ్చు.

5. ప్రతి బాణాన్నీ x, y అంశాలుగా విడదీయండి.

చతురస్రంలో కర్ణాలు అక్షాలతో 45 డిగ్రీల కోణం చేస్తాయి. cos 45°, sin 45° రెండూ 1/√2 కే సమానం. కాబట్టి కోణాన్ని ఏ అక్షం నుంచి కొలవాలనే సందేహం ఇక్కడ అనవసరం, ఎటు నుంచి కొలిచినా విలువ మారదు. దీర్ఘ చతురస్రంలో మాత్రం మారుతుంది, దాని గురించి చివర్లో చెబుతాను. పరిమాణాన్ని √2 తో భాగించి అంశం విలువను రాసి, బాణాన్ని చూసి దాని గుర్తు పెట్టండి: కుడివైపైతే x అంశం ధనం, ఎడమవైపైతే రుణం, పైకైతే y అంశం ధనం, కిందికైతే రుణం.

| శీర్షం | ఆవేశం (nC) | E (N/C) | బాణం దిశ | Ex (N/C) | Ey (N/C) |
|---|---|---|---|---|---|
| A | +4 | 1800 | C వైపు | +1272.8 | +1272.8 |
| B | −2 | 900 | B వైపు | +636.4 | −636.4 |
| C | +1 | 450 | A వైపు | −318.2 | −318.2 |
| D | +3 | 1350 | B వైపు | +954.6 | −954.6 |

పరీక్షలోనూ ఈ పట్టికను ఇలాగే గీయమని నా సలహా. వాక్యాల మధ్య ఎనిమిది అంశాలను వెదజల్లి రాస్తే ఒకదాని గుర్తు మారిపోయినా కంటికి కనబడదు. పట్టికలో అయితే గుర్తుల వరుసను చూడగానే తేడా తెలుస్తుంది.

6. x అంశాలను విడిగా, y అంశాలను విడిగా కూడండి.

Ex = 1272.8 + 636.4 − 318.2 + 954.6 = +2545.6 N/C

Ey = 1272.8 − 636.4 − 318.2 − 954.6 = −636.4 N/C

ఇక్కడ మాత్రం గుర్తులతో సహా కూడాలి. x అంశంతో y అంశాన్ని నేరుగా కూడకూడదు.

7. పరిమాణాన్ని కనుక్కోండి.

E = √(Ex² + Ey²) = √(2545.6² + 636.4²) ≈ 2624 N/C

కాలిక్యులేటర్ లేనప్పుడు ఇంత పెద్ద సంఖ్యలకు వర్గాలు కట్టడం కష్టం కాబట్టి 450/√2 ను చివరి దాకా అలాగే ఉంచండి. Ex లో మిగిలేది (4 + 2 − 1 + 3) = 8, Ey లో మిగిలేది (4 − 2 − 1 − 3) = −2. వర్గాల మొత్తం 64 + 4 = 68. కాబట్టి E = (450/√2) × √68 = 450 × √34. √34 విలువ దాదాపు 5.83 కనుక జవాబు 2624 కు చేరుతుంది. నేనైతే కాలిక్యులేటర్ చేతిలో ఉన్నా ఇలాగే చేస్తాను, ఎందుకంటే చిన్న పూర్ణాంకాల్లో తప్పు దొర్లితే వెంటనే దొరుకుతుంది.

8. దిశను కనుక్కోండి.

tan θ = |Ey| / |Ex| = 636.4 / 2545.6 = 0.25, అంటే θ ≈ 14°

Ex ధనం, Ey రుణం కనుక ఫలిత క్షేత్రం నాలుగో పాదంలో ఉంది. జవాబును ఇలా రాయాలి: ఫలిత విద్యుత్ క్షేత్రం 2624 N/C, దాని దిశ AB భుజానికి సమాంతరంగా కుడివైపున్న x అక్షం నుంచి 14 డిగ్రీలు కిందికి. దిశ రాయకుండా పరిమాణం ఒక్కటే రాస్తే జవాబు సగమే రాసినట్టు. “14 డిగ్రీలు” అని మాత్రమే రాసి, ఏ అక్షం నుంచి, ఎటువైపు అన్నది చెప్పకపోయినా అంతే.

ఈ మెట్టులో కాలిక్యులేటర్‌ను గుడ్డిగా నమ్మకండి. మన నాలుగు ఆవేశాల గుర్తులనూ తిరగేశారనుకోండి, అంటే −4, +2, −1, −3 నానోకులూంబ్‌లు. అప్పుడు Ex = −2545.6, Ey = +636.4 అవుతుంది. Ey/Ex ఇప్పుడు కూడా −0.25 కే సమానం కనుక tan⁻¹ కొడితే రెండు సందర్భాల్లోనూ కాలిక్యులేటర్ −14 డిగ్రీలే చూపిస్తుంది. కానీ మొదటి క్షేత్రం కుడివైపు, రెండోది సరిగ్గా దానికి వ్యతిరేకంగా ఎడమవైపు ఉన్నాయి. రెండో దాని అసలు కోణం 180 − 14 = 166 డిగ్రీలు. అందుకే గుర్తులు లేకుండా tan⁻¹ కట్టి చిన్న కోణాన్ని తెలుసుకోవాలి, పాదాన్ని Ex, Ey గుర్తుల నుంచి విడిగా నిర్ణయించాలి.

## కర్ణాల వెంట చేసే దగ్గరి దారి

అంశాల పద్ధతితో వచ్చిన జవాబును సరిచూడటానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. అక్షాలను భుజాలకు సమాంతరంగానే తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. చతురస్రం కర్ణాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి, నాలుగు బాణాలూ ఆ కర్ణాల మీదే ఉంటాయి. కాబట్టి కర్ణాలనే అక్షాలుగా తీసుకుంటే విడదీయవలసిందేమీ ఉండదు.

AC కర్ణం మీద A లోని +4 బాణం C వైపు, C లోని +1 బాణం A వైపు ఉన్నాయి. రెండూ ఎదురెదురు కనుక 4 − 1 = 3 మిగులుతుంది, అంటే C వైపు 3 × 450 = 1350 N/C. DB కర్ణం మీద D లోని +3 బాణం B వైపు, B లోని −2 బాణం కూడా B వైపే ఉన్నాయి. రెండూ కలిసి 3 + 2 = 5, అంటే B వైపు 5 × 450 = 2250 N/C. ఈ రెండూ లంబంగా ఉన్నాయి కాబట్టి:

E = √(1350² + 2250²) = 450 × √(9 + 25) = 450 × √34 ≈ 2624 N/C

దిశ కూడా సరిపోవాలి. ఫలిత సదిశ OB నుంచి C వైపు tan⁻¹(3/5) = 31 డిగ్రీలు తిరిగి ఉంది. OB అనేది x అక్షానికి 45 డిగ్రీల కింద ఉంది. 45 లోంచి 31 తీసేస్తే 14. ముందు వచ్చిన జవాబే మళ్లీ వచ్చింది.

“ఇంత తేలికైతే మొదట్లోనే ఇలా చేయవచ్చు కదా” అని అడిగేవారికి ఒక మాట. పరిమాణం ఒక్కటే అడిగితే, ఆప్షన్లలోంచి ఎంచుకునే నీట్, జేఈఈ తరహా ప్రశ్నలో అయితే, తప్పకుండా ఇలాగే చేయండి. భుజాలకు సమాంతరంగా Ex, Ey లను అడిగినా, పటం చతురస్రం కాకపోయినా, కేంద్రం కాని వేరే బిందువు ఇచ్చినా ఈ దగ్గరి దారి పనిచేయదు, అంశాల పద్ధతికే రావాలి. అందుకే అది ముందుగా చేతికి అలవడాలి.

## ఎక్కువగా జరిగే తప్పులు, వాటిని గుర్తుపట్టే విధం

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది రుణ గుర్తును రెండుసార్లు వాడటం. B వద్ద ఉన్న −2 కు బాణాన్ని సరిగ్గా B వైపే గీస్తారు, అంటే గుర్తును వాడేశారు. ఆ తర్వాత పరిమాణంలో మళ్లీ −900 వేసి అంశాలు తీస్తారు. రెండు రుణాలు కలిసి ధనం కావడంతో B వద్ద +2 ఉన్నప్పుడు వచ్చే క్షేత్రమే లెక్కలోకి వస్తుంది. మన లెక్కలో ఈ తప్పు చేస్తే Ex లో 8 బదులు 4, Ey లో −2 బదులు +2 వచ్చి, జవాబు 1423 N/C దగ్గర తేలుతుంది. దిశ కూడా పైకి మారిపోతుంది. అంశాల పట్టికలో B వరుసలోని గుర్తులను దాని బాణంతో పోల్చి చూస్తే ఇది దొరుకుతుంది: బాణం కుడికి ఉంటే Ex రుణంగా ఉండే వీలే లేదు.

గుర్తులను లోపలే ఉంచి చేసే సదిశ సూత్రం కూడా ఒకటుంది. అందులో q గుర్తును అలాగే రాసి, శీర్షం నుంచి O వైపు గీసిన ఏకాంక సదిశతో గుణిస్తారు. అది సరైన పద్ధతే, అలవాటైన వారికి వేగంగా కూడా ఉంటుంది. కాకపోతే ఏకాంక సదిశను O నుంచి శీర్షం వైపు తీసుకుంటే పరిమాణం సరిగ్గానే వచ్చి దిశ మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. పరిమాణం జవాబుతో సరిపోయింది కాబట్టి ఆ తప్పు బయటపడదు. రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి ఎంచుకోండి, ఒకే లెక్కలో రెండింటినీ కలపకండి.

రెండో తప్పు దూరానిది. r స్థానంలో భుజం a వేస్తే r² రెట్టింపై జవాబు సరిగ్గా సగం, అంటే 1312 N/C వస్తుంది. పూర్తి కర్ణం వేస్తే r² నాలుగింతలై జవాబు నాలుగో వంతు, అంటే 656 N/C వస్తుంది. మీ జవాబు పుస్తకంలోని జవాబుకు కచ్చితంగా సగమో, పావో అయితే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు, రెండో మెట్టుకు వెళ్లండి. కచ్చితంగా వందో వంతు వస్తే చదరపు సెంటీమీటర్ల మార్పిడిలో తప్పు జరిగినట్టే.

మూడోది నాలుగు పరిమాణాలనూ మామూలు సంఖ్యల్లా కూడేయడం. 1800 + 900 + 450 + 1350 = 4500 N/C అని రాసేసి ముగించేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. విద్యుత్ పొటెన్షియల్‌నైతే గుర్తులతో సహా అలా కూడవచ్చు, అది అదిశ రాశి కనుక. క్షేత్రం సదిశ. ఈ తేడా వల్లే నాలుగు మూలల్లోనూ సమాన ధనావేశాలున్నప్పుడు కేంద్రం వద్ద క్షేత్రం సున్నా అవుతుంది గానీ పొటెన్షియల్ సున్నా కాదు.

## జవాబును సరిచూసుకోవడం

4500 అనే ఆ మొత్తానికి కూడా ఒక ఉపయోగం ఉంది. ఫలిత క్షేత్రం ఎప్పుడూ దాన్ని మించదు. చతురస్రంలో బాణాలు రెండు లంబ కర్ణాల మీద పంచుకుని ఉంటాయి కనుక, రెండు కర్ణాల మీదా ఆవేశాలున్నంత కాలం దాన్ని అందుకోవడం కూడా కుదరదు. అంతకన్నా పెద్ద సంఖ్య వస్తే లెక్కను మళ్లీ చూడాల్సిందే.

ఇంకొంచెం పదునైన పరీక్ష ఇది. ఎదురెదురు మూలల్లోని రెండు ఆవేశాలకూ ఒకే విలువను కలిపినా, తీసేసినా O వద్ద క్షేత్రం మారదు, ఎందుకంటే కలిపిన ఆ సమాన భాగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. A, C ల నుంచి చెరో 1 తీసేయండి: A లో +3, C లో 0 మిగులుతాయి. B, D లకు చెరో 2 కలపండి: B లో 0, D లో +5 వస్తాయి. ఇప్పుడు పక్కపక్కనున్న A, D ల్లో మాత్రమే ఆవేశాలున్నాయి, రెండూ ధనావేశాలే, రెండూ ఎడమ భుజం మీదే ఉన్నాయి. కాబట్టి క్షేత్రం కుడివైపే ఉండాలి. పైనున్న D పెద్దది కనుక కొంచెం కిందికి వంగి ఉండాలి. మన జవాబు సరిగ్గా అలాగే ఉంది. ఇది పెన్సిల్ కూడా పట్టకుండా చేసుకోగల పరీక్ష, దిశ తప్పితే వెంటనే పట్టిస్తుంది.

ఈ ఉపాయంతోనే తరచూ అడిగే మరో ప్రశ్న కూడా తేలిపోతుంది. మూడు మూలల్లో సమానమైన +q ఆవేశాలుండి, నాలుగో మూల ఖాళీగా ఉంటే, ఎదురెదురుగా ఉన్న జత రద్దయి ఒక్క ఆవేశమే మిగులుతుంది. క్షేత్రం kq/r² పరిమాణంతో ఖాళీ మూల వైపు ఉంటుంది. అదే ఖాళీ మూలలో −q ను ఉంచితే పరిమాణం రెట్టింపవుతుంది, దిశ మాత్రం మారదు. మూలల్లో వరుసగా +q, −q, +q, −q ఉంటే రెండు కర్ణాల మీదా రద్దయి సున్నా వస్తుంది. వరుసగా +q, +q, −q, −q ఉంటే రద్దు కావు, ఒక్కో కర్ణం మీద 2kq/r² చొప్పున మిగిలి ఫలితం 2√2 kq/r² అవుతుంది. ఈ చివరి రెంటినీ తారుమారు చేసుకునేవారు ఎక్కువ. రుణావేశాలు పక్కపక్కన ఉన్నాయా, ఎదురెదురుగా ఉన్నాయా అన్నది పటంలో చూసి గానీ జవాబు రాయకండి.

## లెక్క కొంచెం మారినప్పుడు

కేంద్రం వద్ద ఉంచిన ఆవేశం మీద బలం ఎంత అని అడిగితే, ముందు పైవిధంగా E కనుక్కుని F = qE వాడండి. O వద్ద −2 నానోకులూంబ్‌ల ఆవేశం ఉంటే బలం 2 × 10⁻⁹ × 2624 ≈ 5.25 × 10⁻⁶ న్యూటన్లు, దిశ క్షేత్రానికి వ్యతిరేకం. O వద్ద ఉన్న ఆ ఆవేశం సొంత క్షేత్రాన్ని ఐదో బాణంగా కలపకూడదు.

చతురస్రం బదులు దీర్ఘ చతురస్రం ఇస్తే నాలుగు దూరాలూ సమానంగానే ఉంటాయి గానీ కోణం 45 డిగ్రీలు కాదు. అవే ఆవేశాలను 16 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు గల దీర్ఘ చతురస్రం మూలల్లో, AB పొడవుగా, ఉంచామనుకోండి. కర్ణం 20 సెంటీమీటర్లు, r = 0.10 m, ఒక నానోకులూంబ్‌కు 900 N/C. x అక్షం నుంచి కోణానికి cos θ = 8/10 = 0.8, sin θ = 6/10 = 0.6. బాణాల గుర్తులు మారవు కాబట్టి 8, −2 అనే మొత్తాలు అలాగే ఉంటాయి:

Ex = 8 × 900 × 0.8 = 5760 N/C

Ey = −2 × 900 × 0.6 = −1080 N/C

E ≈ 5860 N/C, x అక్షం నుంచి దాదాపు 10.6 డిగ్రీలు కిందికి

ఇక్కడ cos, sin లను తారుమారు చేస్తే జవాబు మారిపోతుంది. ఇక్కడి కర్ణాలు లంబంగా లేవు కనుక కర్ణాల వెంట వచ్చిన 3, 5 లను √(9 + 25) అని కూడితే 5248 వస్తుంది, అది తప్పు. కర్ణాల దారిలోనే వెళ్లాలనుకుంటే వాటి మధ్య కోణాన్ని తీసుకుని సమాంతర చతుర్భుజ నియమాన్ని వాడాలి.

అడిగిన బిందువు కేంద్రం కాకుండా, ఉదాహరణకు ఒక భుజం మధ్యబిందువైతే, నాలుగు దూరాలూ సమానం కావు. అప్పుడు మూడో మెట్టులో ఒకేసారి కట్టిన 450 పనికిరాదు. ప్రతి శీర్షానికీ r² ను, కోణాన్నీ విడివిడిగా లెక్కించి అదే పట్టికను నింపాలి. మాధ్యమం గాలి కాకుండా K రోధక స్థిరాంకం గల పదార్థం అంతటా నిండి ఉంటే, చివరి పరిమాణాన్ని K తో భాగిస్తే చాలు, దిశ మారదు.